రాత్రి వీధి గోడ మీద ‘మిణుగురు’ లోగో: నియాన్ ప్రాంప్ట్‌లు

ప్రతి ప్రాంప్ట్‌కూ ముందు పెట్టేది

దీనితో జత చేసిన లోగో ఫైలే ఆధారం. ఇది సైకిల్ లైట్ల బ్రాండ్. ‘మిణుగురు’ అన్న మాట గుండ్రటి అక్షరాల్లో, మొదటి నుంచి చివరి దాకా ఒకే మందం గీతతో ఉంది. ‘రు’కి కుడివైపు పైన చిన్న వృత్తం, దాన్ని ఆనుకుని రెక్కల్లా వంగిన రెండు గీతలు. అక్షరాలను సొంతంగా ఊహించి గీయొద్దు, ఫైల్‌లో ఉన్నవి ఉన్నట్టే దించాలి. ‘మి’ మీద గుడి ఉంటుంది, ‘గు’, ‘రు’ల మీద తలకట్టు ఉంటుంది, ‘ణు’కి తలకట్టు ఉండదు. చివరి మూడక్షరాలకూ కొమ్ములు ఉంటాయి. ఇందులో ఒక్కటి తప్పినా, బొమ్మ ఎంత అందంగా వచ్చినా నాకు పనికిరాదు. బొమ్మలో ఇంకెక్కడా మరో అక్షరం, మరో బోర్డు, మరో లోగో కనిపించకూడదు.

ప్రాంప్ట్ 1: ఇటుక గోడ

అర్ధరాత్రి దాటిన వీధి. పాత ఇటుక గోడకు ఎదురుగా, కంటి ఎత్తులో నిలబడి తీసిన ఫోటో. గోడ మీద లోగో గాజు గొట్టాలతో చేసిన నిజమైన నియాన్ సైన్‌లా వెలుగుతోంది. అక్షరాల ఎత్తు సుమారు 40 సెంటీమీటర్లు, గొట్టం మందం 12 మిల్లీమీటర్లు. అక్షరాలు నియాన్ వాయువు సహజంగా ఇచ్చే నారింజ కలిసిన ఎరుపులో ఉండాలి, గులాబీ రంగులోకి జారకూడదు. వృత్తం, రెక్కలు మాత్రం లోపల ఫాస్ఫర్ పూత ఉన్న గొట్టాలు. వాటి వెలుగు పసుపు కలిసిన ఆకుపచ్చ.

గొట్టాలు గోడకు అంటుకుని ఉండవు. చిన్న గాజు కాళ్ల మీద గోడకు నాలుగు సెంటీమీటర్ల ముందుకు నిలబడి ఉంటాయి. అందుకే వాటి వెనకాల ఇటుకల మీదే కాంతి అన్నిటికన్నా గాఢంగా పడాలి, అక్కడి నుంచి దూరం పోయేకొద్దీ త్వరగా పలచబడాలి. మూర దూరం దాటాక గోడ దాదాపు చీకట్లో కలిసిపోవాలి. గోడంతా ఎర్రగా పూసినట్టు వస్తే అది సైన్ వెలుగు కాదు, రంగు కాగితం. ఇటుకల అంచులు, మధ్యలో రాలిన సున్నం, పెచ్చు లేచిన చోట్లు ఆ వెలుగు ఏటవాలుగా తగిలి చిన్న చిన్న నీడలు వేయాలి.

అక్షరానికీ అక్షరానికీ మధ్య గొట్టం వెనక్కి వంగి వెళ్లే భాగాలు నల్ల పెయింట్‌తో కప్పి ఉంటాయి. అవి లీలగా కనిపించాలి, వెలగకూడదు. కింది నుంచి సన్నని నల్ల వైర్లు గోడ వెంట పక్కకు వెళ్తాయి. గొట్టం నడిమి భాగం దాదాపు తెల్లగా, రంగు దాని అంచుల్లో, చుట్టూ ఉన్న వెలుగులో కనిపించాలి. కెమెరాకు నియాన్ అలాగే పడుతుంది.

ట్రైపాడ్ మీద తీసిన ఫోటోలా ఉండాలి: 35 ఎంఎం లెన్స్, ఎఫ్/2.8, ఐఎస్ఓ 400. వెలుగుకు తగ్గట్టు ఎక్స్‌పోజర్ తగ్గించి తీసినట్టు, నీడలు నిజంగానే నల్లగా. లోగో ఫ్రేమ్‌లో ఎడమ పై భాగంలో, కుడివైపు ఖాళీ గోడ. మనుషులు వద్దు, పొగ వద్దు. నిష్పత్తి 16:9.

ప్రాంప్ట్ 2: వెలిగే షాపు ముందు భాగం

అదే వీధి, కానీ సూర్యుడు దిగి కాసేపే అయింది. ఆకాశంలో ముదురు నీలం ఇంకా మిగిలి ఉంది. చిన్న సైకిల్ లైట్ల షాపు, రోడ్డుకు అవతలి వైపు నుంచి చూస్తున్నాం. తలుపు పైన ముదురు బూడిద రంగు లోహపు పలక. దాని మీద లోగో ఇత్తడి అక్షరాలతో ఉంది. ఈ అక్షరాల ముఖం వెలగదు. వెనకాల దాచిన ఎల్‌ఈడీల వెచ్చటి కాంతి పలక మీద పడి, ఒక్కో అక్షరం చుట్టూ అంచులా నిలుస్తుంది. ఆ వెలుగు ముందు అక్షరం ముదురుగా, స్పష్టంగా చదవగలిగేలా ఉండాలి.

కింద అద్దాల కిటికీ. లోపల అరల నిండా సైకిల్ లైట్లు, కొన్ని వెలుగుతూ, కొన్ని ఆరిపోయి. అన్నీ వెలగనక్కర్లేదు, అన్నీ వెలిగితే ఏదీ కంటికి ఆనదు. కిటికీలోంచి వచ్చే వెలుగు ఫుట్‌పాత్ మీద నలుచదరంగా, కాస్త పక్కకు వాలి పడుతుంది. అద్దంలో ఎదుటి వీధి లీలగా ప్రతిబింబిస్తుంది. తలుపు పక్కన గోడకు ఆనించిన ఒక సైకిల్, దాని వెనక లైటు ఎర్రగా వెలుగుతోంది. లోగో కన్నా ప్రకాశంగా బొమ్మలో ఏదీ ఉండొద్దు. నిలువు గీతలన్నీ నిటారుగా ఉండాలి, భవనం వెనక్కి వాలినట్టు రాకూడదు. నిష్పత్తి 4:5.

ప్రాంప్ట్ 3: వాన వెలిశాక

ప్రాంప్ట్ 1లోని గోడే, అదే సైన్. వాన ఇప్పుడే ఆగింది. కెమెరా నేలకు జానెడు ఎత్తులో ఉంది. ఫ్రేమ్‌లో కింది సగం తడి తారు రోడ్డు. సైన్ ప్రతిబింబం తలకిందులుగా, మన వైపుకు నిలువుగా సాగి కనిపిస్తుంది. ఎడమ కుడి తారుమారు కావు, ‘మి’ కింద ‘మి’యే ఉంటుంది. గరుకు తారు మీద ఆ వెలుగు చెదిరి గీతలవుతుంది. దగ్గర్లో నిలిచిన నీటి మడుగులో మాత్రం అక్షరాలు దాదాపు పూర్తిగా తేరుకుంటాయి. గోడ తడిసి ఇంకా ముదురుగా, ఇటుకల అంచున ఒకటి రెండు చుక్కలు. ఊదా, నీలం లైట్లు ఎక్కడా కలపొద్దు. నిష్పత్తి 9:16.

ప్రాంప్ట్ 4: దగ్గరగా

‘గు’ అక్షరం ఒక్కటే, మాక్రో లెన్స్‌తో, పక్క నుంచి. పూత లేని గాజు కాబట్టి లోపల ఎర్రగా మెరిసే వాయువు నేరుగా కనిపిస్తుంది. వంపు దగ్గర గాజు నలిగిపోకుండా గుండ్రంగా తిరిగింది. తలకట్టు మొదలయ్యే చోట ఫోకస్, దాని వెనక గాజు కాలు, దాన్ని గొట్టానికి కట్టిన సన్నని తీగ, గొట్టం మీద పల్చగా దుమ్ము. వెనక ఇటుకలు మసకగా. అక్షరం ఫ్రేమ్ దాటిపోయినా ఫరవాలేదు. నిష్పత్తి 1:1.

మార్పులకు వాడేవి

కాంపోజిషన్ అలాగే ఉంచి అక్షరాలు మాత్రం సరిచేయాలి: ‘ణు’ మీద తలకట్టు వచ్చింది, తీసేయాలి. మిగతావి ముట్టుకోవద్దు.

హాలో మరీ ఎక్కువైంది, కొమ్ములు దాంట్లో కలిసిపోతున్నాయి. సగానికి తగ్గించి, గోడ మీద పడే వెలుగు మాత్రం ఇప్పుడున్నంతే ఉంచాలి.

ఇదే ఫ్రేమ్, సైన్ ఆపేసి. ఎర్ర గొట్టాలు ఖాళీ గాజులా పారదర్శకంగా, పూత ఉన్న వృత్తం, రెక్కలు పాలలాంటి తెలుపులో. దూరపు వీధి దీపం వెలుగు గొట్టాల మీద సన్నని గీతలా మెరవాలి. వెలిగిన ఫ్రేమ్, ఆరిన ఫ్రేమ్ ఒకదాని మీద ఒకటి పెడితే గొట్టం అంగుళం కూడా జరిగి ఉండకూడదు. ఈ రెండింటినీ కలిపి స్విచ్ వేసినప్పటి చిన్న వీడియో చేస్తాం.