చెలమ తత్వం

(ఆదితాళం. పల్లవి ఏకతార మీద ఒక్కరే ఎత్తుకోవాలి, తరువాత అందరూ అందుకోవాలి. చిరతలు మూడో చరణం దాకా వద్దు. ఈ పాటకు హారతి లేదు, నైవేద్యం లేదు. ముగిశాక దీపం తగ్గించి కాసేపు ఊరక కూర్చోవడమే.)

పల్లవి
ఏ తీరున పిలిచేనమ్మా, నిన్ను
ఏ పేరున తలిచేనయ్యా
అయ్యంటే సగమౌతావు
అమ్మంటే సగమౌతావు
ఊరకుంటే నిండుతావు

1
ఎండాకాలపు పెన్న ఏటిలో
ఇసక తోడితి మోకాటి లోతు
చెమ్మ తగిలె ముందు వేళ్ళకు
చెలమ ఊరె పిదప గుక్కెడు
తోడకముందు లేవందునా
తోడి నేనే తెచ్చితినందునా
గుంట తీసిన చేయి నాది
ఊరిన ఊట ఎవ్వరిది

2
కందుకూరు దాపుల బ్యారనులోన
పొయ్యికాడ జాగారముంటి
పచ్చని పొగాకు పసుపు తిరిగె
తలుపు తీసి లోపల వెతికితి
ఆకు దొరికె, కర్ర దొరికె
వేడి మాత్రం పట్టుబడదాయె
వీపున కారిన చెమట ఒక్కటే
నీవు వచ్చిన గురుతాయె

3
ఇసకపల్లి ఉప్పుమళ్ళలో
ఎండ తాగె కయ్యనీళ్ళు
తెల్లని పలుకు గోటికి తగిలె
ఇదే నీవని కుప్పపోస్తి
అదను తప్పిన వాన ఒక్కటి
కుప్పనంతా నీటిలో కలిపె
కన్ను వెతికి అలసిపోతే
నాలుక చెప్పె నీ జాడ

4
మార్కాపురం పలక మీద
అమ్మ దిద్దించె అచ్చులన్నీ
చెంగు తడిపి తుడిచివేస్తే
అక్షరాలు పోయెనని ఏడిస్తి
రాసినదంతా చదివిరందరు
బడిపంతులూ చదివినాడు
రాయించుకున్న నలుపునెవ్వరు
కూడబలుక్కుని చదివేరు

5
బిందెలు వచ్చె ఊరిలోనుంచి
కుండలు వచ్చె వాడలోనుంచి
ఎవరు ముందని గట్టున తగవు
పెద్దమనుషులు, పంచాయితీ
కాకి ఒకటి వాలి తాగిపోయె
కులమడగలేదు చెలమ దాన్ని
పొద్దు వాలినా మేమింకా
గట్టుమీదే, నోరెండి

(ఈ అయిదో చరణానికి మా భజన అరుగు మీదనుంచి కొందరు లేచి వెళ్ళారు. వదిలేసి పాడమని పెద్దలు నాకు నచ్చజెప్పారు. నేను తీయను. పాడేవాళ్ళు ఇక్కడ గొంతు తగ్గించొద్దు.)

6
సోమశిల కాడ గేట్లెత్తినారు
రాత్రికి రాత్రే ఏరు వచ్చె
తెల్లవారి చెంబు పట్టుకుని
నా గుంట ఏదని వెతకబోతి
గట్టు లేదు, గుంట లేదు
ముందువాడు వెనకవాడు లేడు
చెంబు నీళ్ళలో జారిపోయె
వెతకబుద్ధి కాలేదు

అయ్యంటే సగమౌతావు
అమ్మంటే సగమౌతావు
ఊరకుంటే

(చివరిసారి ఇక్కడే ఆపాలి. మిగిలిన మాట ఎవరూ పాడొద్దు. ఏకతార మాత్రం తనంతట తాను ఆగేదాకా మోగనివ్వాలి.)