2025 సెప్టెంబర్ 8న చేరుతున్న మన కొత్త బ్యాకెండ్ డెవలపర్‌కి మొదటి 90 రోజుల ప్లాన్

వెల్కమ్ అండి. మీరు వరంగల్‌లో, నేను హైదరాబాద్‌లో, మేనేజర్ బెర్లిన్‌లో, డేటాబేస్ చూసే ఇద్దరూ డాలస్‌లో. అందరం కలిసి ఆన్‌లైన్‌లో ఉండేది మన సాయంత్రం 7:30 నుంచి 9 దాకానే, అప్పుడు బెర్లిన్‌లో 4, డాలస్‌లో పొద్దున 9. పొద్దున్నే లాగిన్ అయ్యి రాత్రి దాకా కూర్చోకండి, మధ్యాహ్నం 12:30కి మొదలుపెడితే చాలు. పచ్చ చుక్క వెలుగుతోందా లేదా అని ఇక్కడ ఎవరూ చూడరు.

మొదటి వారం: లాప్‌టాప్, వీపీఎన్, రిపో యాక్సెస్. డేటాబేస్ యాక్సెస్ ఇచ్చేది డాలస్ వాళ్లే కాబట్టి రిక్వెస్ట్ సోమవారమే పెట్టేయండి, లేకపోతే ఒక రోజు ఊరికే పోతుంది. సెటప్ డాక్యుమెంట్ పాతది, ఎక్కడ తేడా కొడితే అక్కడ మీరే సరిచేయండి, మీ మొదటి పుల్ రిక్వెస్ట్ అదే.

అక్టోబర్ 7 దాకా: చిన్న బగ్‌లు మూడో నాలుగో, అన్నీ రీఫండ్ సర్వీస్‌లోనే. రోజూ మధ్యాహ్నం 2కి నాతో ఇరవై నిమిషాల కాల్. దసరా అక్టోబర్ 2న, బెర్లిన్ వాళ్లకి 3న సెలవు, ఆ వారం పెద్దగా ఏం కదలదు, ఊరెళ్లి రండి.

ఇప్పుడు అసలు సంగతి, డౌట్లు అడగడం. అరగంట తిప్పలు పడ్డా తెగకపోతే `#payments-help`లో రాయండి, కానీ "హాయ్, ఒక డౌట్" అని పెట్టి ఆగిపోవద్దు, డాలస్ వాళ్లు నిద్ర లేచి "చెప్పండి" అనేసరికి మీరు అన్నం తింటుంటారు, మీరు చెప్పేసరికి వాళ్లు మీటింగ్‌లో, అలా రెండు రోజులు గాయబ్. ఏం చేశారు, ఏ ఎర్రర్ వచ్చింది, ఏం ట్రై చేశారు, జవాబు రాకపోతే మీరేం చేయబోతున్నారు, అన్నీ ఒకే మెసేజ్‌లో. నేను చేరిన కొత్తలో మొహమాటపడి మూడు రోజులు నోరెత్తలేదు, తీరా చూస్తే నాకు పర్మిషన్ లేదంతే.

నవంబర్ 6 దాకా: ఒక చిన్న ఫీచర్ పూర్తిగా మీదే, డిజైన్ నోట్ దగ్గర్నుంచి రిలీజ్ దాకా. కోడ్ కంటే ముందు నోట్, దానికి బెర్లిన్, డాలస్ రెండు చోట్ల నుంచీ ఓకే రావాలి. ఈ మధ్యలోనే గడియారాలు మారతాయి: అక్టోబర్ 26న బెర్లిన్‌లో, నవంబర్ 2న డాలస్‌లో. అందరం కలిసే సాయంత్రం మీటింగ్ డాలస్ టైమ్‌కి కట్టి ఉంది కాబట్టి నవంబర్ 3 నుంచి మనకి రాత్రి 8:30 అవుతుంది. ఇంట్లో ముందే చెప్పుకోండి. చలికాలమంతా ఇదే, కుదరకపోతే వారానికి రెండు రోజులే రండి, మిగతావి రికార్డింగ్ చూస్తే సరిపోతుంది.

ఆ తర్వాత ఆన్‌కాల్, ముందు రెండు వారాలు నా పక్కన చూస్తూ, తర్వాత ఒక వారం మీరు, మన పగటిపూట మాత్రమే. నవంబర్ 27న అమెరికాలో థ్యాంక్స్‌గివింగ్, ఆ రోజు ఏదీ రిలీజ్ చేయొద్దు.

డిసెంబర్ 5 శుక్రవారం మధ్యాహ్నం 3కి మేనేజర్‌తో రివ్యూ. ఈ మూడు నెలల్లో మేం చెప్పకుండా వదిలేసినవేంటో ఒక పేజీ రాసుకుని రండి, తర్వాత చేరేవాళ్లకి ఈ ప్లాన్ మీరే మారుస్తారు.