గృహ రుణ వాయిదాలకు ఆరు నెలల వెసులుబాటు కోరుతూ బ్యాంకు మేనేజరు గారికి లేఖ

తేదీ: 26 అక్టోబరు 2024

గౌరవనీయులైన బ్రాంచి మేనేజరు గారికి,
గృహ రుణాల విభాగం.

విషయం: అనారోగ్యం కారణంగా నవంబరు 2024 నుంచి మూడు నెలలు ఈఎంఐ పూర్తిగా నిలిపివేయాలని, తర్వాత మూడు నెలలు వడ్డీ మాత్రమే కట్టే అవకాశం ఇవ్వాలని విన్నపం.

రుణ ఖాతా: గృహ రుణం, ఖాతా నంబరు చివరి నాలుగు అంకెలు 4471. రుణగ్రహీత: వి. మోహన్. సహ రుణగ్రహీత: వి. శారద.

అయ్యా,

నా పేరు శారద. పై ఖాతాలో సహ రుణగ్రహీతను. మావారు మోహన్ గారు ఈ నెల 9న ఆసుపత్రిలో చేరారు, మొన్న 24న డిశ్చార్జి అయ్యారు. ప్రాణాపాయం తప్పింది. కానీ ఆయన ఇప్పట్లో ఉద్యోగానికి వెళ్లే స్థితిలో లేరు. మా ఇంటికి వచ్చే ఆదాయంలో పెద్ద భాగం ఆయన జీతమే. నవంబరు 5న కట్టాల్సిన వాయిదాకు మా దగ్గర డబ్బు లేదు. ఆ తేదీ దాటి ఈఎంఐ బౌన్స్ అయ్యాక మీ ముందుకు రావడం కంటే, ముందే వచ్చి పరిస్థితి చెప్పడం మంచిదని ఈ లేఖ రాస్తున్నాను.

ఆయనకు వచ్చింది గులియన్ బారీ సిండ్రోమ్. అంతకుముందు వారం జ్వరం, విరేచనాలు వచ్చి తగ్గాయి. తర్వాత కాళ్లలో తిమ్మిరి మొదలైంది. రెండు రోజుల్లో మెట్లు ఎక్కలేకపోయారు, మూడో రోజుకు చేతులు కూడా పట్టు తప్పాయి. ఒంట్లోని రోగనిరోధక శక్తే నరాల మీద దాడి చేయడం వల్ల ఇలా అవుతుందని డాక్టరు గారు చెప్పారు. ఊపిరి తీసుకునే కండరాలు కూడా బలహీనపడటంతో ఐసీయూలో వెంటిలేటరు పెట్టాల్సి వచ్చింది. ఐదు రోజుల పాటు ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించారు. బిల్లులో ఎక్కువ భాగం దానికీ, ఐసీయూకీ అయింది.

ఈ జబ్బు గురించి మీకు ముఖ్యంగా చెప్పాల్సింది ఒకటుంది. ఇది వచ్చినవాళ్లలో ఎక్కువమంది కోలుకుంటారు, కానీ నెలలు పడుతుంది. ఫిజియోథెరపీ మానకుండా చేయిస్తే మూడు నెలల్లో ఆసరా లేకుండా నడవగలరనీ, ఆరు నెలల్లో పూర్తిగా పనిలోకి వెళ్లగలరనీ న్యూరాలజిస్టు గారు డిశ్చార్జి సమ్మరీలో రాశారు. మా ఇబ్బంది శాశ్వతమైనది కాదు. అందుకే రుణ మాఫీ అడగడం లేదు, వడ్డీ తగ్గించమని అడగడం లేదు. కొంత సమయం అడుగుతున్నాను.

ఇప్పటి వరకు మేము కట్టిన తీరు మీ రికార్డులో ఉంది. రూ. 24 లక్షల రుణం, 20 ఏళ్ల కాలపరిమితి, నెలకు రూ. 20,828 ఈఎంఐ. 2023 జూన్‌లో మొదటి వాయిదా కట్టాం. ఈ అక్టోబరు 5 వరకు ఒక్కటి కూడా తప్పలేదు, ఒక్కటి కూడా ఆలస్యం కాలేదు. మిగిలిన అసలు సుమారు రూ. 23,31,000 ఉండాలి.

డబ్బు విషయం దాపరికం లేకుండా చెబుతాను. ఆసుపత్రి బిల్లు మొత్తం రూ. 8,60,000. మావారి కంపెనీ గ్రూపు ఇన్సూరెన్సు నుంచి రూ. 3 లక్షలు వచ్చాయి, దాని పరిమితి అంతే. మిగతా రూ. 5,60,000లో రూ. 2,20,000 మా ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసేసి కట్టాం. రూ. 1,80,000 నా నగలు వేరే బ్యాంకులో తాకట్టు పెట్టి తెచ్చాం. మిగిలిన రూ. 1,60,000 బంధువుల దగ్గర చేబదులు. మావారి జీతం రూ. 46,000. ఉన్న సెలవులన్నీ ఈ నెలతో అయిపోతాయి, నవంబరు నుంచి జీతం లేని సెలవు. నేను ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేస్తున్నాను, నెలకు రూ. 19,500 వస్తుంది. మందులకూ, రోజూ ఇంటికి వచ్చి ఫిజియోథెరపీ చేయించే ఆయనకూ కలిపి నెలకు రూ. 11,000 దాకా అవుతోంది. మిగిలిన దాంతోనే ఇల్లు గడవాలి, ఇద్దరు పిల్లల చదువు సాగాలి. ఇందులోంచి ఈఎంఐ తీయడం కుదరదు. ఫిజియోథెరపీ తగ్గిస్తే డబ్బు మిగులుతుంది నిజమే, కానీ అప్పుడు ఆయన పనిలోకి వెళ్లే రోజు వెనక్కి పోతుంది. అది మాకూ మంచిది కాదు, బ్యాంకుకూ మంచిది కాదు.

ఫిబ్రవరి నుంచి పరిస్థితి కొంత మారుతుంది. ఆయన మెయింటెనెన్స్ టెక్నీషియన్. డాక్టరు ఒప్పుకుంటే ఫిబ్రవరి నుంచి ఆయనను స్టోర్స్‌లో కూర్చుని చేసే పనిలో పెట్టి సగం జీతం ఇస్తామని కంపెనీ రాసిచ్చింది. మే నెల నుంచి పాత పని, పూర్తి జీతం. ఈ లెక్క చూసుకునే నా విన్నపాన్ని రెండు భాగాలుగా పెట్టాను.

మొదటిది, నవంబరు, డిసెంబరు, జనవరి వాయిదాలు పూర్తిగా నిలిపివేయండి. రెండోది, ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలల్లో ఆ నెల వడ్డీ మాత్రమే కట్టించుకోండి. మే 5 నుంచి ఎప్పటిలాగే పూర్తి ఈఎంఐ కడతాం.

ఆరు నెలలూ పూర్తిగా ఆపమని అడగవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. లెక్క వేసి చూశాకే వద్దనుకున్నాను. 8.5 శాతం వడ్డీ మీద ఇప్పుడు మా ఈఎంఐలో సుమారు రూ. 16,500 వడ్డీకే పోతోంది. మూడు నెలలు ఏమీ కట్టకపోతే రూ. 49,900 దాకా అసలులో కలుస్తుంది. ఆరు నెలలు కట్టకపోతే లక్ష దాటుతుంది. ఈఎంఐ మార్చకుండా కాలపరిమితి పెంచితే, ఆరు నెలలు పూర్తిగా ఆపినందుకు రుణం ముగిసే తేదీ దాదాపు 32 నెలలు వెనక్కి జరుగుతుంది. నేను అడిగిన పద్ధతిలో అది 18 నెలలే. ఈ తేడా మాకు చాలా పెద్దది. అందుకే ఫిబ్రవరిలో సగం జీతం వచ్చీ రాగానే వడ్డీ కట్టడం మొదలుపెడతాం. ఆ మూడు నెలలూ నెలకు సుమారు రూ. 16,900 అవుతుందని నా అంచనా, మీ సిస్టమ్‌లో సరిచూసి చెప్పగలరు. 2043 మే నెలలో ముగియాల్సిన రుణం 2044 నవంబరుకు ముగుస్తుంది. అప్పటికి మావారికి 58 ఏళ్లు, కాబట్టి వయసు పరిమితితో ఇబ్బంది ఉండదనుకుంటున్నాను. ఈఎంఐ పెంచడం మాత్రం వద్దు, తాకట్టు నగలు విడిపించుకోవాలి, చేబదులు తీర్చాలి.

మంజూరు చేస్తే దయచేసి లిఖితపూర్వకంగా ఇవ్వండి. నోటిమాటగా "పర్లేదు, తర్వాత చూద్దాం" అంటే మాకు భయం. అనుమతి లేకుండా నవంబరు 5 వాయిదా అలాగే ఉండిపోతే ఫిబ్రవరి మొదటి వారానికల్లా 90 రోజులు దాటి ఖాతా ఎన్‌పీఏలోకి వెళ్తుంది. ఇన్నాళ్లు సక్రమంగా కట్టి, అలాంటి ముద్ర పడటం మాకు ఇష్టం లేదు. ఈ వెసులుబాటు ఇస్తే ఖాతాను రీస్ట్రక్చర్డ్ అని క్రెడిట్ బ్యూరోకు పంపుతారా, పంపితే దాని ప్రభావం ఎలా ఉంటుంది అన్నది సంతకాలకు ముందే చెప్పండి. తెలిసి ఒప్పుకుంటాం. ఈ ఆరు నెలలకు పీనల్ చార్జీలు వేయవద్దని కూడా కోరుతున్నాను. ఏ కారణం చేతనైనా వేయాల్సి వస్తే, వాటిని అసలులో కలిపి మళ్లీ వడ్డీ లెక్కించకూడదని రిజర్వ్ బ్యాంకు 2023 ఆగస్టులో ఇచ్చిన ఆదేశాన్ని గమనించగలరు.

అన్నిటికంటే తొందరగా కావాల్సింది ఒకటే. మా జీతాల ఖాతా వేరే బ్యాంకులో ఉంది, ఈఎంఐ అక్కడి నుంచి ఆటో డెబిట్ అవుతుంది. నిర్ణయానికి సమయం పట్టినా, నవంబరు 5న ఆ మాండేట్‌ను పంపకుండా ఆపించండి. అది బౌన్స్ అయితే రెండు బ్యాంకుల్లోనూ చార్జీలు పడతాయి. ఆ డబ్బు మాకు కొన్ని రోజుల మందులు.

సంతకం గురించి ఒక మాట. రుణం తీసుకున్న రోజు మావారు మీ టేబుల్ దగ్గర కూర్చుని కాగితాల కట్ట మొత్తం మీద వరసగా సంతకాలు పెట్టారు. ఇప్పుడు ఆయన చేతికి పెన్ను ఇస్తే బొటనవేలు, చూపుడువేలు దగ్గరకు రావడం లేదు, పెన్ను జారి దుప్పటి మీద పడుతోంది. అందుకే ఈ లేఖ కింద ఆయన ఎడమ బొటనవేలి ముద్ర ఉంది. అది ఆయనదేనని, పూర్తి స్పృహతో వేశారని వైద్యం చేసిన డాక్టరు గారు ధ్రువీకరించారు. ఆయన మాట స్పష్టంగా ఉంది, షరతులు చదివి వినిపిస్తే అర్థం చేసుకుని జవాబు చెబుతారు. కొత్త ఒప్పందం మీద ఇద్దరి అంగీకారం కావాలి కాబట్టి, మీ ఆఫీసరు గారు ఎవరైనా ఒకసారి ఇంటికి వస్తే మేలు. సాయంత్రం నాలుగు తర్వాత నేను ఇంట్లోనే ఉంటాను.

రుణంతో పాటు ఒకేసారి ప్రీమియం కట్టించుకుని ఒక లోన్ ప్రొటెక్షన్ పాలసీ ఇచ్చారు. దాని పూర్తి పత్రం మా దగ్గర లేదు, సర్టిఫికెట్ ఒక్కటే ఉంది. అందులో తీవ్ర అనారోగ్యానికి ఏమైనా కవరేజీ ఉందేమో చూసుకోవాలి, కాపీ ఇప్పించగలరు. క్లెయిములకు గడువులుంటాయి కాబట్టి ఇది కూడా ఆలస్యం కాకుండా చూడండి.

నేను అడిగిన పద్ధతి మీ నిబంధనల్లో కుదరకపోతే కాదని వదిలేయకండి. ఏది కుదురుతుందో చెప్పండి. కనీసం మూడు నెలలు పూర్తి విరామం దొరికితే, మిగతాది మీరు చెప్పిన విధంగా సర్దుకుంటాం. ఈ బ్రాంచిలో అధికారం లేకపోతే పై ఆఫీసుకు సిఫార్సు చేసి పంపి, పంపిన తేదీ నాకు తెలియజేయండి. ఈ లేఖ రెండో ప్రతి మీద అందినట్టు ముద్ర వేసి ఇప్పించగలరు.

జవాబు నవంబరు 4లోపు ఖాతాలో నమోదైన నా మొబైల్‌కు గానీ, ఈమెయిల్‌కు గానీ తెలియజేయాలని వేడుకుంటున్నాను.

ఇట్లు,
భవదీయురాలు,
వి. శారద (సహ రుణగ్రహీత)
వి. మోహన్ (రుణగ్రహీత), ఎడమ బొటనవేలి ముద్ర, డాక్టరు ధ్రువీకరణతో

జతపరచినవి: డిశ్చార్జి సమ్మరీ, ఆసుపత్రి తుది బిల్లు, ఇన్సూరెన్సు చెల్లింపు పత్రం, కంపెనీ ఇచ్చిన సెలవు, తిరిగి చేరే తేదీల లేఖ, ఇద్దరి ఆరు నెలల జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, బంగారు రుణం రసీదు, వేలిముద్రపై డాక్టరు ధ్రువీకరణ, లోన్ ప్రొటెక్షన్ పాలసీ సర్టిఫికెట్ నకలు.