కోల్డ్ స్టోర్ ముందు యాంటీరూమ్: జనరల్ మేనేజర్ గారికి ప్రతిపాదన సారాంశం

మా విన్నపం: ఫిషింగ్ హార్బర్ దగ్గరున్న మన కోల్డ్ స్టోర్ రెండు తలుపుల ముందు 6 డిగ్రీల చల్లని గది, అంటే యాంటీరూమ్, కట్టడానికి 36 లక్షల రూపాయలు మంజూరు చేయండి. అందులో 13.8 లక్షలు ఇప్పుడే అడ్వాన్సుగా విడుదల చేయండి. లారీలకు సరుకు ఎక్కించే వేళ స్టోర్‌లోకి దూరే తేమగాలి వల్ల రోజుకు సుమారు 650 యూనిట్ల కరెంటు పోతోంది. యాంటీరూమ్ కడితే, దాని సొంత ఖర్చు పోను, 450 యూనిట్లు మిగులుతాయి. కరెంటు, మంచు గీకే కూలి, తడిసిన కార్టన్ల రీప్యాకింగ్ కలిపి ఏడాదికి 13.5 లక్షలు ఆదా. పెట్టుబడి 2 ఏళ్ల 8 నెలల్లో తిరిగొస్తుంది. సంతకం ఫిబ్రవరి 10 లోపు కావాలి. వేట నిషేధం ఉండే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 మధ్యనే స్టోర్ తలుపులు ఒక్కొక్కటిగా మూయగలం. ఈసారి దాటితే పని వచ్చే ఏప్రిల్‌కి పోతుంది, ఆ ఏడాది 13.5 లక్షలూ పోతాయి.

నిర్ణయానికి పై పేరా చాలు. కింద ఉన్నది లెక్క సరిచూసే అకౌంట్స్, మెయింటెనెన్స్ విభాగాల కోసం.

నష్టం ఎక్కడుంది

విశాఖలో 32 డిగ్రీల ఎండ, 75 శాతం తేమ ఉన్న రోజున ఒక ఘనమీటరు గాలిలో దాదాపు 25 గ్రాముల నీరుంటుంది. మైనస్ 20 దగ్గర అదే గాలి గ్రాము నీటిని కూడా పట్టుకోలేదు. తలుపు తెరిచినప్పుడల్లా లోపలి బరువైన చల్లగాలి కింద నుంచి బయటికి జారుతుంది, పైనుంచి తేమగాలి లోపలికొస్తుంది. ఘనమీటరుకు 24 గ్రాముల చొప్పున నీరు కాయిల్ మీద, సీలింగ్ మీద, తలుపు దగ్గర నేల మీద మంచుగా పేరుకుంటుంది. కాయిల్ మీద మంచు పెరిగితే గాలి ఆడదు, కంప్రెసర్ ఎక్కువ సేపు తిరుగుతుంది, డీఫ్రాస్ట్‌కి వేడి పంపాలి, ఆ వేడిని మళ్లీ కంప్రెసరే తీయాలి. ఒకే నీటి కోసం మనం రెండుసార్లు కరెంటు కడుతున్నాం.

యాంటీరూమ్ చేసే పని ఇక్కడే. 6 డిగ్రీల గదిలో గాలి పట్టుకోగలిగేది ఘనమీటరుకు 6, 7 గ్రాములే. మిగతా 18 గ్రాముల పైచిలుకు అక్కడే నీరుగా మారి డ్రైన్‌లోకి పోతుంది. నీటిని నీరుగా తీయడం, మంచుగా మార్చి కరిగించడం కన్నా చాలా చౌక.

లెక్క ఎలా వేశాం

నవంబరులో 14 రోజులు కంప్రెసర్లకు విడిగా మీటరు పెట్టి, తలుపులకు కౌంటర్లు బిగించాం. లోడింగ్ ఉన్న రోజున సగటు 2,700 యూనిట్లు. తలుపులు మూసి ఉన్న రెండు ఆదివారాల్లో సగటు 1,950. తేడా 750. అందులో కొత్తగా వచ్చే సరుకు, ఫోర్క్‌లిఫ్ట్, మనుషుల వేడి కింద 100 తీసేశాం. మిగిలిన 650 తలుపు గాలిదే. రెండు తలుపులూ కలిపి రోజుకు 5 గంటల 50 నిమిషాలు తెరిచే ఉంటున్నాయి. యాంటీరూమ్ యంత్రం, లోపలి తలుపు నుంచి ఇంకా జారే గాలి కలిపి 200 యూనిట్లు తింటాయని తీసుకుంటే నికరంగా 450.

ఏడాదికి 300 లోడింగ్ రోజులు, యూనిట్‌కి 7 రూపాయలు: 9.45 లక్షలు. డిమాండ్ చార్జీలో తగ్గేది ఇందులో కలపలేదు. మంచు గీకే ఇద్దరిలో ఒకరి కూలి 1.8 లక్షలు. రీప్యాకింగ్‌కి ఏటా 3.5 లక్షలవుతోంది, అందులో 2.25 లక్షలే తగ్గుతుందని రాశాం. ఒక్క కరెంటు ఆదానే నమ్మినా పెట్టుబడి 3 ఏళ్ల 10 నెలల్లో తిరిగొస్తుంది. కొలిచింది నవంబరులో, వానాకాలపు ఉక్కలో నష్టం ఇంకా ఎక్కువే ఉంటుంది, తక్కువ మాత్రం ఉండదు.

36 లక్షలు దేనికి

9 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల ఎత్తు గదికి 100 మిల్లీమీటర్ల పఫ్ ప్యానెళ్లు 5.5 లక్షలు. ఇప్పుడున్న అమోనియా ప్లాంటు నుంచే నడిచే రెండు ఎవాపరేటర్లు, వాల్వులు, పైపింగ్ 9.5 లక్షలు. రెండు ర్యాపిడ్ రోల్ డోర్లు 9 లక్షలు. లారీ వెనక భాగానికి అతుక్కునే డాక్ షెల్టర్లు, లెవెలర్లు 6 లక్షలు. నేల ఇన్సులేషన్, వాలు, డ్రైన్ 3 లక్షలు, కరెంటు పని 1.5 లక్షలు, ఊహించని ఖర్చులకు 1.5 లక్షలు.

చౌక దారులు చూడకుండా ఈ మాట రాయలేదు. పీవీసీ కర్టెన్లు రెండుసార్లు మార్చాం. చలికి గట్టిపడి పగులుతాయి, ఎదురుగా ఏముందో కనబడక ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవర్లు వాటిని తాడుతో పైకి కట్టేస్తారు. డ్రైవర్లది తప్పనలేం, మనిషి ఎదురొస్తే ప్రమాదం వాళ్లదే. ఎయిర్ కర్టెన్‌కి 3 లక్షలు చాలు గానీ, మన డాక్ సముద్రం వైపు తెరిచి ఉంది. ఎదురుగాలి వీస్తే గాలితెర నిలవదు.

ఎక్కడ చెడుతుంది

లోపలి తలుపు, డాక్ తలుపు ఒకేసారి తెరుచుకుంటే కట్టినదంతా వృథా. అందుకే ఒకటి మూసుకుంటేనే రెండోది తెరుచుకునే ఇంటర్‌లాక్‌ని ఆర్డరులోనే రాయించాం. దాన్ని బైపాస్ చేసే స్విచ్ తాళం షిఫ్ట్ ఇన్‌చార్జి దగ్గరే ఉండాలి. ప్యానెల్ అతుకులకు ఆవిరి అడ్డుపొర వేడి వైపు, అంటే బయటి వైపు, పడాలి. లోపలి వైపు వేస్తే రెండు వానాకాలాల్లో పఫ్ నీరు తాగి పాడవుతుంది. ఎవాపరేటర్‌లో అమోనియా 0 డిగ్రీల కంటే కిందికి దిగితే యాంటీరూమ్ కాయిల్ మీద కూడా మంచు పడుతుంది, కాబట్టి ప్రెషర్ రెగ్యులేటర్ తప్పనిసరి. అమోనియా లైన్‌ని కోసే ముందు పంప్‌డౌన్, హాట్ వర్క్ పర్మిట్. కొత్త గదిలో లీక్ సెన్సర్. తుపాను హెచ్చరిక వస్తే షెల్టర్ల గుడ్డలు విప్పి లోపల పెట్టాలి.

ఫ్యాక్టరీల శాఖకు ప్లాన్ మార్పు, ఎగుమతి తనిఖీ సంస్థకు లేఅవుట్ మార్పు పని మొదలుకాకముందే తెలపాలి. ఆ కాగితాలు సిద్ధంగా ఉన్నాయి, మీ సంతకం పడగానే పంపుతాం.

తేదీలు, చెల్లింపులు

ప్యానెళ్లు, తలుపులు రావడానికి 8 వారాలు. ఫిబ్రవరి 10న ఆర్డరిస్తే ఏప్రిల్ 7కి చేరతాయి. ఏప్రిల్ 15న పని మొదలుపెడితే 6 వారాలు, మే 27కి ముగింపు. మరబోట్లు మళ్లీ వేటకెళ్లే లోపు రెండు వారాల వెసులుబాటు. ఊహించని ఖర్చుల మొత్తం పోను 34.5 లక్షల్లో ఆర్డరుతో 40 శాతం, బిగింపు అయ్యాక 50 శాతం ఇస్తాం. చివరి 10 శాతం, అంటే 3.45 లక్షలు, 60 రోజుల మీటరు రీడింగులో రోజుకు కనీసం 350 యూనిట్లు తగ్గినట్టు తేలాకే. అంత మాత్రమే తగ్గినా పెట్టుబడి 3 ఏళ్ల 2 నెలల్లో తిరిగొస్తుంది. ముగ్గురు సప్లయర్ల కొటేషన్లు జతపరిచాం, వాటి గడువు ఫిబ్రవరి 15.

కోల్డ్ స్టోర్, మెయింటెనెన్స్ విభాగాలు
విశాఖపట్నం