చెల్లి పెళ్లి: పిలుపులు, భోజనాల ఖర్చు, అడ్వాన్సుల షీటు

కడప, 2026 ఫిబ్రవరి 16 నాటి లెక్క. నాయనా, చిన్నాయనా, బావా, ముగ్గురూ చూడండి. అంకె మార్చాలంటే నాకు ఫోన్ చేయండి, ఎవరికి వాళ్లు దిద్దితే క్యాటరింగ్ అతనికి రెండు లెక్కలు చేరతాయి. మొత్తం భోజనాలకు అనుకున్నది 5,00,000.

ఎవరు ఎంతమంది

| వర్గం | రిసెప్షన్ | టిఫిన్ | ముహూర్తం భోజనం |
|---|---|---|---|
| పెళ్లికొడుకు వాళ్లు (అనంతపురం) | 190 | 110 | 145 |
| నాయన వైపు (కడప, మైదుకూరు, బద్వేలు) | 140 | 85 | 115 |
| అమ్మ వైపు (జమ్మలమడుగు, ప్రొద్దుటూరు) | 120 | 65 | 90 |
| నాయన ఆఫీసు | 75 | 0 | 20 |
| మన వీధి | 55 | 0 | 35 |
| చెల్లి స్నేహితులు | 40 | 20 | 20 |
| మేళం, ఫొటోలు, డ్రైవర్లు | 30 | 20 | 25 |
| మొత్తం | 650 | 300 | 450 |

కార్డు ఇచ్చిన ఇంటికి ఇంతమంది అని గుడ్డిగా వేయలేదు. అమ్మ వైపు వాళ్లు జమ్మలమడుగు నుంచి రాత్రికే వచ్చి మండపంలో పడుకుంటారు, కాబట్టి టిఫిన్‌లో వాళ్లను తగ్గించకూడదు. ఆఫీసు వాళ్లు చాలామంది రిసెప్షన్‌కు వచ్చి వెళ్లిపోతారు, శుక్రవారం డ్యూటీ. చివరి వరుస పనివాళ్లది. వాళ్లు చివర్లో తింటారు, అప్పటికి కూర అయిపోయి చారన్నంతో సరిపెట్టుకోవడం మన ఇంటి పెళ్లిలో జరగకూడదు. అందుకే వాళ్లను కూడా లెక్కలోకి తీసుకున్నాను.

పూటకు ఖర్చు

| ఎప్పుడు | ప్లేట్లు | ప్లేటు రూ. | మొత్తం రూ. |
|---|---|---|---|
| మార్చి 4 బుధ, నలుగు, ఉదయం (ఇల్లు) | 80 | 110 | 8,800 |
| అదే రోజు మధ్యాహ్నం | 120 | 180 | 21,600 |
| మార్చి 5 గురు, రిసెప్షన్ | 650 | 320 | 2,08,000 |
| మార్చి 6 శుక్ర, టిఫిన్ | 300 | 130 | 39,000 |
| మార్చి 6, ముహూర్తం భోజనం | 450 | 290 | 1,30,500 |
| మార్చి 8 ఆది, మాంసం భోజనం (ఇల్లు) | 100 | 350 | 35,000 |
| ఐస్‌క్రీం | 650 | 30 | 19,500 |
| కిళ్లీ | 600 | 15 | 9,000 |
| చిన్న నీళ్ల బాటిళ్లు | 1,500 | 5 | 7,500 |
| ఇఫ్తార్ పండ్లు, ఖర్జూరం | | | 2,500 |
| వడ్డించేవాళ్లకు చేతి ఖర్చు | | | 6,000 |
| మొత్తం | | | 4,87,400 |

మిగిలేది 12,600. దీన్ని ఎవరూ ముట్టుకోవద్దు, ప్లేట్లు పెరిగితే ఇదే ఆధారం.

నలుగు రోజు ఉదయం ఉగ్గాని, బజ్జీ. ముహూర్తం భోజనం ఆకుల్లోనే: ఓళిగ, నెయ్యి, పప్పు, గుత్తివంకాయ, చిత్రాన్నం, చారు, పెరుగు. ఓళిగ మొదటి పంక్తికి రెండు వేసి చివరి పంక్తికి ఒకటి వేస్తామంటే కుదరదని చెప్పాను, అందరికీ రెండు. రిసెప్షన్‌కు బఫే, కానీ జేజి వయసు వాళ్లు ప్లేటు పట్టుకుని నిలబడలేరు, పక్కన నలభై మందికి కుర్చీలు, బల్లలు వేసి వడ్డిస్తారు. కారం దోసె కౌంటర్ వల్లే ప్లేటుకు 20 పెరిగింది. అనంతపురం వాళ్లకు మన కడప దోసె తినిపించాలని చెల్లి కోరిక, తీసేయమని ఎవరూ అడగొద్దు.

అప్పుడు రంజాన్ నెల. ఆఫీసులో, వీధిలో ఉపవాసం ఉండేవాళ్లు పాతిక మంది దాకా వస్తారు. పొద్దు గూకకముందే పండ్లు, ఖర్జూరం, నీళ్లు ఒక బల్ల మీద సిద్ధంగా ఉండాలి. ఈ పని చిన్నాయనది.

ఎవరికి ఎంత ఇచ్చాం

| ఎవరు | ఒప్పందం | అడ్వాన్సు | బాకీ |
|---|---|---|---|
| క్యాటరింగ్ (మండపంలో మూడు పూటలు) | 3,77,500 | 1,00,000 | 2,77,500 |
| వంటమాస్టర్ (ఇంట్లో మూడు పూటలు) | 65,400 | 15,000 | 50,400 |
| ఐస్‌క్రీం | 19,500 | 5,000 | 14,500 |
| కిళ్లీ | 9,000 | 2,000 | 7,000 |
| నీళ్లు | 7,500 | 0 | 7,500 |
| పండ్లు, చేతి ఖర్చు | 8,500 | 0 | 8,500 |
| మొత్తం | 4,87,400 | 1,22,000 | 3,65,400 |

క్యాటరింగ్ అతనికి ఫిబ్రవరి 27న ఇంకో లక్ష ఇవ్వాలి, సరుకులకు. గ్యారంటీ రిసెప్షన్‌కు 600, టిఫిన్‌కు 250, భోజనానికి 400 ప్లేట్లు. తక్కువ వచ్చినా ఇంతకు డబ్బు కట్టాల్సిందే, ఎక్కువైతే అదే రేటు. ఐదేళ్లలోపు పిల్లలకు, క్యాటరింగ్ పనివాళ్లకు లెక్క లేదు. చివరి అంకె మార్చి 2 సాయంత్రానికి చెప్పాలి. అనంతపురం నుంచి బస్సులు ఒకటా రెండా అన్నది ఆ లోపల వియ్యంకుల దగ్గర నాయనే కనుక్కోవాలి, నేనడిగితే బాగుండదు.

రిసెప్షన్‌లో ప్లేట్ల దొంతర, ముహూర్తంలో ఆకులు బావ లెక్కపెట్టాలి, పక్కన క్యాటరింగ్ వాళ్ల మనిషి కూడా ఉండాలి. పూట ముగిసిన వెంటనే ఇద్దరూ ఒకే కాగితం మీద సంతకం చేయాలి. ఆ కాగితం చూసే శుక్రవారం సాయంత్రం బాకీ తీరుస్తాం. డబ్బు ఎవరి చేతి మీదుగా వెళ్లినా తేదీ, మొత్తం ఈ షీటులో అదే రోజు రాయండి.