పక్కనున్న అక్షరాన్ని చూసి చదువు
నాలుగో తరగతి · తెలుగు, ఇంగ్లీషు కలిపిన అభ్యాస పత్రం · విశాఖపట్నం

పిల్లలూ, ఈ కాగితం మీద రెండు భాషలూ కలిసే ఉంటాయి. మన ఊళ్లో బోర్డులన్నీ అలాగే ఉంటాయి కదా! బస్సు మీద, స్టేషన్‌లో, పాల ప్యాకెట్ మీద కూడా అంతే. తొందరగా చదివితే ఒక భాష అక్షరం ఇంకో భాషలోకి దూరిపోతుంది. కాబట్టి ఈరోజు నిదానంగా, వేలు పెట్టి చదవండి. ముందు పూర్తిచేసిన వాళ్లకి ఎక్కువ మార్కులేం లేవు.

1. మూడు గుండ్రాలు

ం   o   0

మొదటిది తెలుగు సున్న. రెండోది ఇంగ్లీషు ఓ. మూడోది అంకెల్లో సున్నా. ఒక్కోదాన్ని విడిగా చూపిస్తే ఏది ఏదో టీచర్లకి కూడా చెప్పడం కష్టమే. పక్కన ఏముందో చూస్తేనే తెలుస్తుంది. తెలుగు అక్షరం పక్కనుంటే అది సున్న. ఇంగ్లీషు అక్షరాల మధ్య ఉంటే ఓ. అంకె పక్కనుంటే అది కూడా అంకే.

శంఖం అని పైకి చదవండి. రెండు సున్నలున్నాయి. మొదటిది ముక్కులోంచి వస్తుంది, రెండోదానికి పెదవులు మూసుకుంటాయి. boat చదివేటప్పుడు నోరు గుండ్రంగా అవుతుంది.

కింది వరుసలో తెలుగు సున్న కింద గీత గీయండి, ఇంగ్లీషు ఓ చుట్టూ గుండ్రం చుట్టండి, అంకె సున్నాని కొట్టేయండి.

బంగాళాఖాతం   boat   20   రంగు   moon   900K   సముద్రం   Bhogapuram   10 రూపాయలు   S20

2. చదివి జవాబు రాయండి

ఆదివారం తాతయ్య నన్నూ తమ్ముణ్నీ ఆర్‌కే బీచ్‌కి తీసుకెళ్లాడు. అక్కడ ఒడ్డున ఒక పెద్ద సబ్‌మెరైన్ ఉంది. దాని పేరు INS Kursura, నంబరు S20. తమ్ముడు ఆ నంబరు చూసి "ఐదు వందల ఇరవై" అని గట్టిగా చదివాడు.

"ఏటిరా, ఐదుకి నెత్తిమీద అడ్డగీత ఉండాలి కదా? దీనికేదీ?" అన్నాడు తాతయ్య.

తమ్ముడు మళ్లీ చూశాడు. నెత్తిమీద గీత లేదు. పైనా కిందా వంపే. "ఎస్ ఇరవై!" అన్నాడు.

ఈ సబ్‌మెరైన్ 1969లో నౌకాదళంలో చేరి 2001 వరకు పనిచేసింది. 2002 నుంచి మ్యూజియంగా ఉంది. లోపల దారి ఇరుకు, తాతయ్య వంగి నడిచాడు. బయటికొచ్చి రోడ్డు దాటితే విమానం మ్యూజియం. ఆ విమానం పేరు TU 142. ఈసారి తమ్ముడు తొందరపడలేదు. "ముందు రెండూ ఇంగ్లీషు అక్షరాలు, తర్వాత మూడూ అంకెలు" అని విడదీసి చదివాడు. ఐస్‌క్రీమ్ తిన్నాక 900K వచ్చింది. భీమిలి బస్సు. మాది భీమిలి కాదు గానీ తమ్ముడు ఆ నంబరు కూడా చదివి చూపించాడు.

అ) S20లో మొదటిది 5 కాదని ఎలా తెలిసింది?
ఆ) TU 142లో 1 ని ఇంగ్లీషు ఐ అని ఎందుకు అనుకోకూడదు?
ఇ) 900Kలో అంకెలెన్ని, అక్షరాలెన్ని?
ఈ) సబ్‌మెరైన్ ఎన్నేళ్లు పనిచేసిందో తీసివేసి చెప్పండి.

3. అనుమానమొస్తే రెండో భాషని అడుగు

ఇది కాస్త పెద్ద అభ్యాసం. ఇవాళ మిగిలినవి కాకపోయినా ఇది మాత్రం చేయండి.

ప, వ చూడటానికి దగ్గరగా ఉంటాయి. వ లో తలకట్టు అక్షరానికి అతుక్కుని ఉంటుంది. ప లో విడిగా ఉంటుంది. అచ్చు సరిగా పడకపోతే ఆ సందు కనిపించదు. మరి ఇంగ్లీషులో P, V ఒకేలా ఉన్నాయా? అస్సలు లేవు.

అలాగే ఇంగ్లీషులో b, d చూస్తే తికమక. తెలుగులో బ, డ చూస్తే ఆ తికమక రాదు.

అంటే బోర్డు మీద ఒక భాషలో అనుమానమొస్తే ఇంకో భాషలో అదే పేరు చూడాలి. పెందుర్తి అని ఉన్నచోట మొదటి అక్షరం ప నా, వ నా అని ఆగిపోయారనుకోండి. కిందనే Pendurthi అని ఉంటుంది. P కాబట్టి ప. రైల్వే వాళ్లు విశాఖపట్నానికి VSKP అని రాస్తారు. అందులో V, P రెండూ ఉన్నాయి. ఆ రెండూ పేరులో ఏ అక్షరాలకి వచ్చాయో వేలు పెట్టి చూపించండి.

ఇప్పుడు సరైన మాటకి గుండ్రం చుట్టండి.

అన్నం, కూర చేసేది   పంట / వంట
గేదె ఇచ్చేది   పాలు / వాలు
pot అంటే   కుండ / కుంట
నేల లోపలికి వంపుగా వచ్చిన సముద్రం   bay / day
ఇసుక తవ్వడం   big / dig
మొరిగేది   bog / dog

b రాయాలంటే ముందు నిలువు గీత, తర్వాత బొజ్జ. d కి ముందు బొజ్జ, తర్వాత గీత. మనం తెలుగులో చాలా అక్షరాలకి గుండ్రంతోనే మొదలుపెడతాం. అదే చేత్తో b మొదలుపెడితే అది d అయి కూర్చుంటుంది. ఈ రెండు వరుసలూ నోట్‌బుక్‌లో రాయండి.

b d b b d   bay day big dig
పడవ   వల   పలక   వంట   పంట

4. తెలుగు అంకెలు

౨౦౦౧ అని రాసి ఉంటే 2001. ౧౯౬౯ అంటే 1969. ౨ ని 2 లా, ౩ ని 3 లా చదివేస్తే భయం లేదు, విలువ అదే. మిగిలినవి చూసుకుని చదవాలి. ౨౦౦౨ ని మామూలు అంకెల్లో రాయండి.

5. ఇంట్లో

పాల ప్యాకెట్ తీసుకోండి. దాని మీద 500 ml అని ఉంటుంది. చివరిది ఒకటి కాదు, ఇంగ్లీషు ఎల్. m పక్కనుంది కాబట్టి. ఇలాంటివే ఇంట్లో ఇంకో మూడు వెతికి రాసుకురండి. సబ్బు కవరు, కరెంటు బిల్లు, బియ్యం బస్తా, ఏదైనా సరే.

పెద్దవాళ్లకి

పిల్లలు తప్పు చదివితే వెంటనే సరైన మాట అందించేయకండి. ఆ అక్షరం పక్కన వేలు పెట్టి "దీని పక్కన ఏముంది?" అని అడగండి, చాలు. తెలుగు చదవడం రాని వాళ్లు కూడా ఈ ప్రశ్న అడగొచ్చు. S20 ని 520 అని చదివినందుకు తిట్టడం, ఎవరితోనో పోల్చడం వద్దు. ఆ పొరపాటు పెద్దవాళ్లూ చేస్తారు, మందుల చీటీ చదివేటప్పుడు చూడండి.

జవాబులు (పూర్తిచేశాకే చూడాలి)

1. తెలుగు సున్నలు నాలుగు, ఇంగ్లీషు ఓ లు నాలుగు, అంకె సున్నాలు ఐదు.
2. అ) పైన అడ్డగీత లేదు, వంపు ఉంది. ఆ) పక్కన 4, 2 అంకెలున్నాయి. ఇ) అంకెలు మూడు, అక్షరం ఒకటి. ఈ) 2001 − 1969 = 32. నెలలు కూడా లెక్కేస్తే 31 ఏళ్లు దాటాయి, అలా రాసినా మార్కు ఉంది.
3. వంట, పాలు, కుండ, bay, dig, dog. VSKPలో V కి వి, P కి ప.
4. 2002.
5. మీరు తెచ్చినవి క్లాసులో చూద్దాం.