నిబంధన 19: వివాదాల పరిష్కారం – చర్చలు, మీడియేషన్, ఆర్బిట్రేషన్

(భీమవరం దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు, కోల్డ్ స్టోరేజీ నడిపే జాయింట్ వెంచర్ కంపెనీ వాటాదారుల ఒప్పందంలోనిది. 51 శాతం వాటా ఉన్నవారు "భీమవరం పక్షం", 49 శాతం ఉన్నవారు "హైదరాబాద్ పక్షం", వారు కలిసి పెట్టిన సంస్థ "కంపెనీ".)

19.1 ఈ ఒప్పందం గురించి గానీ, దాని అమలు, ఉల్లంఘన, రద్దు, చెల్లుబాటు గురించి గానీ పక్షాల మధ్య వచ్చే ప్రతి తగాదా "వివాదం" అవుతుంది. కొత్త ఫ్రీజర్ కొనాలా వద్దా, ఫలానా దేశానికి సరుకు పంపాలా వద్దా వంటి వ్యాపార నిర్ణయాల మీద బోర్డులో ఓట్లు సమానమై ఆగిపోతే, ఆ విషయం 19.4 వరకే వెళ్తుంది. కంపెనీని నడిపే పని ఆర్బిట్రేటర్‌కు అప్పగించడం పక్షాల ఉద్దేశం కాదు.

19.2 వివాదం ఉందనే పక్షం రెండో పక్షానికి రిజిస్టర్డ్ పోస్టులోనూ, ఈమెయిల్‌లోనూ నోటీసు పంపాలి. ఏం జరిగింది, ఒప్పందంలో ఏ నిబంధన కింద అడుగుతున్నారు, సుమారు ఎంత సొమ్ము, ఏం కోరుతున్నారు అన్నవి అందులో ఉండాలి. ఫోన్‌లో గట్టిగా మాట్లాడుకున్నా, వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టినా నోటీసు ఇచ్చినట్టు కాదు. నోటీసు నుంచి లెక్కించే రోజుల గడువులన్నీ అది అందిన మర్నాటి నుంచి లెక్క. భోగి, సంక్రాంతి, కనుమ రోజులు లెక్కలోకి రావు.

19.3 చర్చలు.
(అ) నోటీసు అందిన 7 రోజుల్లో రెండు పక్షాల ప్లాంటు, అకౌంట్స్ బాధ్యులు కలిసి కూర్చోవాలి. వివాదానికి సంబంధించిన ఇన్‌వాయిసులు, టెంపరేచర్ లాగ్‌లు, ల్యాబ్ రిపోర్టులు ఆ మీటింగుకు కనీసం 2 రోజుల ముందే ఇచ్చిపుచ్చుకోవాలి.
(ఆ) అక్కడ తేలకపోతే, నోటీసు అందిన 28 రోజుల్లోపు రెండు పక్షాల మేనేజింగ్ డైరెక్టర్లు స్వయంగా కలవాలి. సంతకం చేసే అధికారం లేని ప్రతినిధిని పంపితే హాజరైనట్టు కాదు.
(ఇ) రాజీ కుదిరితే రాసుకుని ఇద్దరూ సంతకం చేయాలి. సంతకం లేని రాజీ ఎవరినీ కట్టిపడేయదు.

19.4 మీడియేషన్. 28 రోజుల్లో తేలకపోయినా, ఒక పక్షం రాకపోయినా, ఏ పక్షమైనా రాతపూర్వకంగా మీడియేషన్ కోరవచ్చు. మీడియేటర్‌ను 10 రోజుల్లో ఇద్దరూ కలిసి ఎంచుకోవాలి. కుదరకపోతే, హైదరాబాద్‌లోని ఇంటర్నేషనల్ ఆర్బిట్రేషన్ అండ్ మీడియేషన్ సెంటర్‌ను ఒక మీడియేటర్‌ను నియమించమని కోరాలి. మీడియేటర్ నియమితులైన 45 రోజుల్లో మీడియేషన్ ముగియాలి. ఇద్దరూ రాసి ఒప్పుకుంటే మరో 15 రోజులు పొడిగించవచ్చు, అంతకు మించి లేదు. ఫీజు చెరి సగం. అక్కడ చెప్పిన మాటలు, ఇస్తామన్న మొత్తాలు తర్వాత ఏ విచారణలోనూ వాడరాదు. ఆ మీడియేటర్ అదే వివాదంలో ఆర్బిట్రేటర్‌గా గానీ, సాక్షిగా గానీ ఉండరాదు.

19.5 ఆర్బిట్రేషన్. మీడియేషన్ ఫలించకుండా ముగిస్తే, లేదా మీడియేషన్ కోరిన 75 రోజులకూ రాజీ కుదరకపోతే, ఆర్బిట్రేషన్ అండ్ కన్సిలియేషన్ చట్టం, 1996 సెక్షన్ 21 కింద నోటీసు ఇచ్చి వివాదాన్ని ఆర్బిట్రేషన్‌కు పంపవచ్చు.
(అ) అడిగే మొత్తం 2 కోట్ల రూపాయల లోపైతే ఇద్దరూ కలిసి ఎంచుకున్న ఒకే ఆర్బిట్రేటర్. అంతకు మించితే ముగ్గురు: చెరొకరిని పక్షాలు, అధ్యక్షుణ్ని ఆ ఇద్దరూ ఎంచుకుంటారు. ఒక పక్షం ఒంటరిగా ఏకైక ఆర్బిట్రేటర్‌ను నియమించడం చెల్లదు. 30 రోజుల్లో నియామకం జరగకపోతే సెక్షన్ 11 కింద తెలంగాణ హైకోర్టును ఆశ్రయించవచ్చు.
(ఆ) 50 లక్షల లోపు వివాదాలు సెక్షన్ 29బి ఫాస్ట్ ట్రాక్ పద్ధతిలో సాగుతాయి. మిగతావాటికి సెక్షన్ 29ఎ గడువు వర్తిస్తుంది.
(ఇ) ఆర్బిట్రేషన్ సీటు హైదరాబాద్. ప్లాంటు చూడటానికి, స్థానిక సాక్షులను విచారించడానికి ట్రిబ్యునల్ భీమవరంలో కూర్చున్నా సీటు మారదు. విచారణ ఇంగ్లిష్‌లో జరుగుతుంది. తెలుగులో ఉన్న పత్రాలను, సాక్ష్యాన్ని అనువాదం లేదనే కారణంతో తిరస్కరించరాదు. భారత చట్టం వర్తిస్తుంది.

19.6 ఆగని పనులు. వివాదం ఏ దశలో ఉన్నా రైతుల చెల్లింపులు, జీతాలు, కరెంటు బిల్లు ఆపరాదు. కోల్డ్ స్టోరేజీలో ఉన్న సరుకు మీదే వివాదమైతే, నోటీసు అందిన 48 గంటల్లో ఇద్దరూ కలిసి శాంపిల్ తీసి సీలు వేసి ల్యాబ్‌కు పంపాలి. తర్వాత సరుకు అమ్మి, వచ్చిన సొమ్ము విడి ఖాతాలో ఉంచాలి. ఒక పక్షం రాకపోతే రెండోది నోటరీ ఎదుట ఆ పని చేయవచ్చు.

19.7 పైదశలు పూర్తికాలేదన్న కారణంతో ఆర్బిట్రేషన్ అండ్ కన్సిలియేషన్ చట్టం సెక్షన్ 9 కింద కోర్టు నుంచి మధ్యంతర రక్షణ పొందే హక్కు పోదు. అలా ఉత్తర్వు వస్తే 90 రోజుల్లో ఆర్బిట్రేషన్ మొదలుకావాలి కాబట్టి, 19.3, 19.4 గడువులు దానికి లోబడి కుదించుకుంటాయి. కాలపరిమితి దాటిపోతుందన్న పరిస్థితిలో సెక్షన్ 21 నోటీసు ముందే ఇవ్వవచ్చు. మిగిలిన దశలు ముగిసేదాకా ఆ ఆర్బిట్రేషన్ ముందుకు సాగదు. కంపెనీల చట్టం, 2013 సెక్షన్ 241 కింద నేషనల్ కంపెనీ లా ట్రిబ్యునల్‌కు వెళ్లే హక్కుకు ఈ నిబంధన అడ్డు కాదు.

19.8 ఒప్పందం రద్దయినా, ఒక పక్షం తన వాటా అమ్ముకుని వెళ్లిపోయినా, అంతకుముందు తలెత్తిన వివాదాలకు ఈ నిబంధన అమల్లోనే ఉంటుంది.